పట్టపగటి ఫోటోలో దీపాలు పెట్టే వేళ: తరచుగా అడిగే ప్రశ్నలు

తెనాలి దగ్గర మా అన్నయ్య రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశం శ్రావణంలో. ఆహ్వాన పత్రిక మీద ఇల్లు సాయంత్రం దీపాలతో కనపడాలని వదిన పట్టుబట్టింది. అప్పటికి ఆ ఇంటికి కరెంటు మీటరే రాలేదు. అందుకని ఆషాఢంలో ఒక మబ్బు పట్టిన రోజు, పొద్దున పదకొండున్నరకి, వాన వెలిశాక వెళ్ళి ఫోటో తీసుకొచ్చాను. ఆ ఫోటోనే పొరలు పొరలుగా సాయంత్రం చేశాను. పత్రిక చూసినవాళ్ళు అడిగినవి, మా స్టూడియోకి వచ్చే కుర్రాళ్ళు అడిగేవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను వాడింది ఫోటోషాప్. మెనూల పేర్లు తెర మీద కనపడేట్టే ఇచ్చాను.

సాయంత్రమే వెళ్ళి తీస్తే పోయేదిగా?

పోయేది. కుదిరితే అలాగే తీయండి. మూడు గంటల కంప్యూటర్ పని తప్పుతుంది. ఇల్లు ఖాళీగా ఉండి కరెంటు లేకపోయినా, మళ్ళీ వెళ్ళే వీలు లేని ఊరైనా, ఉన్నది ఒక్క పగటి ఫోటోయే అయినా అప్పుడు ఈ పని. మా దగ్గర ఆ వేళ ఉండేది కూడా కొద్దిసేపే. ఆషాఢంలో తెనాలి వైపు సూర్యుడు సుమారు 6:45కి అస్తమిస్తాడు. అక్కడి నుంచి సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీలు కిందికి దిగేవరకు ఉండేదాన్ని పౌర సంధ్య అంటారు. అది మన దగ్గర దాదాపు 23 నిమిషాలు. అందులో ఇంటికి, ఆకాశానికి, దీపానికి వెలుగు సరిగ్గా సమతూకంగా ఉండేది ఓ పది నిమిషాలు మాత్రమే.

సాయంత్రం అంటే ఏ సాయంత్రం? బంగారు ఎండా, నీలి చీకటా?

పని మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. చాలామంది రెంటినీ కలిపేసి చెడగొడతారు. ఎండ ఇంకా గోడ మీద పడుతుంటే పొడవాటి నీడలు ఉండాలి, అవి మీ పగటి ఫోటోలో ఉండవు. కొత్తగా గీయడం మహా కష్టం. సూర్యుడు దిగిపోయాక నేరుగా పడే నీడలే ఉండవు. కాబట్టి పగటి ఫోటో నుంచి నమ్మేలా చేయగలిగింది అస్తమయం తర్వాతి వేళే.

నేను అస్తమయం అయిన 15 నిమిషాలకి అని పెట్టుకున్నాను. అప్పుడు సూర్యుడు సుమారు 4 డిగ్రీలు కింద ఉంటాడు. పడమట అడుగున కాస్త నారింజ మిగిలి ఉంటుంది, నడినెత్తిన నీలం చిక్కబడుతుంటుంది. ఆ నీలం ఊరికే వచ్చింది కాదు. ఆ వేళ సూర్యకాంతి వాతావరణంలో ఏటవాలుగా చాలా దూరం ప్రయాణించి వస్తుంది. దారిలో పైనున్న ఓజోన్ నారింజ, పసుపు కాంతిని కొంత మింగేస్తుంది. మిగిలేది నీలం.

ఇంకో సంగతి: మీ కెమెరా ఎటు చూస్తోంది? అన్నయ్యది తూర్పు ముఖం ఇల్లు. అంటే నేను వీధిలో నిలబడి పడమటికి చూస్తూ తీశాను. నారింజ వెలుగు ఇంటి వెనకే రావాలి, ఇంటి ముఖానికి తూర్పు ఆకాశపు నీలి వెలుగే దక్కాలి. అదే పడమటి ముఖం ఇల్లయితే కెమెరా తూర్పుకి చూస్తుంది. అప్పుడు ఇంటి వెనక నారింజ పెడితే తప్పు. తూర్పున ఆ వేళకి అడుగున బూడిద నీలపు పట్టీ, దానిపైన పలచని గులాబీ పట్టీ ఉంటాయి. ఆ బూడిద పట్టీ భూమి నీడే. ఉత్తర ముఖం ఇల్లయితే మీరు దక్షిణానికి చూస్తుంటారు, వెలుగు మీ కుడివైపు అంచున ఎక్కువ ఉండాలి. వాస్తు తెలిసినవాడు ఈ పొరపాటు ఇట్టే పట్టేస్తాడు. మన ఊళ్ళలో అది తెలియనివాడెవరు!

ఎలాంటి పగటి ఫోటో పనికొస్తుంది?

మబ్బు పట్టిన రోజుది. సగం పని మబ్బే చేసి పెడుతుంది. మబ్బు రోజు వెలుగు ఆకాశం అంతటి నుంచీ మెత్తగా వస్తుంది. సూర్యుడు దిగాక వచ్చే వెలుగు కూడా అలాంటిదే, తీవ్రత, రంగు తేడా అంతే. పైగా మబ్బు ఆకాశం ఫోటోలో దాదాపు తెల్లగా పడుతుంది. అది ఎంత ఉపకారమో ఆకాశం ప్రశ్నలో చెప్తాను.

నేల తడిగా ఉంటే ఇంకా మంచిది. తడి సిమెంటు రోడ్డు దీపాల వెలుగుని పట్టుకుంటుంది, సాయంత్రం అన్న భావన సగం అక్కడే వస్తుంది. కిటికీ తలుపులు తీసి ఉంటే మంచిది, లోపల దీపం ఉందంటే నమ్ముతారు. RAWలో తీయండి, తీశాక 16 Bits/Channelలో తెరవండి. పగటి ఫోటోని అంత కిందికి దించినప్పుడు JPEGలో ఆకాశం మెట్లుమెట్లుగా చీలిపోతుంది.

నా దగ్గర ఉన్నది మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన ఫోటోనే. అవుతుందా?

కొంత అవుతుంది. సన్‌షేడ్ కింద గోడ మీద కత్తితో కోసినట్టు పడే నీడ మీ మొదటి శత్రువు. ఎంత చీకటి చేసినా ఆ గీత పోదు. చూసేవాడికి అది వెన్నెల రాత్రిలా అనిపిస్తుంది, సాయంత్రంలా కాదు. Camera Rawలో Highlights −60, Shadows +40 దగ్గర పెట్టి ఎండకి నీడకి తేడా తగ్గించండి. నీడ అంచుని Clone Stampతో, పక్కనున్న గోడ నుంచి తెచ్చి మెత్తబరచండి. కారు అద్దం మీద, స్టీలు గేటు మీద సూర్యుడి మెరుపు చుక్కలుంటే తుడిచేయండి. చెట్టు నీడ చుక్కలు చుక్కలుగా గోడంతా పడి ఉంటే ఆ ఫోటో వదిలేయండి. నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను.

మొదటి పొర ఏది? ఎంత చీకటి చేయాలి?

ముందు ఒక మాట. అసలు ఫోటోని ముట్టుకోకండి. దాని మీద అన్నీ అడ్జస్ట్‌మెంట్ లేయర్లే ఉండాలి. పగటి వెలుగు కింద చెక్కుచెదరకుండా ఉంటుంది, మనం దాని మీద నల్లటి దుప్పటి కప్పుతాం. తర్వాత దీపం పెట్టాల్సిన చోట ఆ దుప్పటికి చిల్లు పెడతాం. ఈ పని మొత్తానికి కిటుకు ఇదొక్కటే.

దుప్పటిలో మూడు పొరలు. మూడింటినీ ఒక గ్రూపులో పెట్టి గ్రూపుకి ఒక్కటే మాస్క్ ఇవ్వండి.

మొదటిది Curves. కుడి పైమూలనున్న చుక్కని 255 నుంచి 150కి దించాను. మధ్యలో 128 దగ్గర ఒక చుక్క పెట్టి 60కి లాగాను. తెల్లగోడ పగలు 225 ఉంటే ఇప్పుడు 127 దగ్గరికి వచ్చింది. అడుగున నలుపుని అలాగే వదలకుండా Blue చానెల్‌లో ఎడమ చుక్కని కొద్దిగా, 10 వరకు పైకి లేపాను. సంధ్యవేళ నీడలు కాటుకలా ఉండవు, వాటిలో ఆకాశపు నీలం కాస్త కలిసి ఉంటుంది.

రెండోది Solid Color, రంగు R 110, G 140, B 200. దాన్ని Multiplyలో పెట్టి Opacity 60% ఇచ్చాను. ఇప్పుడు అదే గోడ మీద మౌస్ పెట్టి Info పానెల్ చూస్తే R 84, G 93, B 111 చుట్టుపక్కల ఉంటుంది. నా కొలబద్ద అదే. తెల్లగోడ ఇంతకంటే బాగా తగ్గితే రాత్రి అయిపోతుంది. R, Bల తేడా 50 దాటిందా, పాత సినిమాల్లో పగలు తీసి రాత్రి అని నమ్మించిన పాటల రంగు వచ్చేస్తుంది. వాళ్ళు కెమెరాలో ఎక్స్‌పోజర్ తగ్గించి, నీలం వైపు తోసి తీసేవాళ్ళు. ప్రేక్షకుడు పాటలో పడి ఊరుకునేవాడు. ఫోటోని అలా చూడడు.

మూడోది Hue/Saturation. అన్నయ్య కాంపౌండు గోడ మీద ఎర్ర కాగితం పూల తీగ ఉంది. మిగతా అంతా చీకటిపడ్డాక కూడా అది ఎర్రగా వెలుగుతూనే ఉండిపోయింది. సందె వెలుగులో ఎరుపు అంత ఉండదు. ఉన్న కాంతే నీలం కాబట్టి ఎర్ర పువ్వు తిప్పికొట్టడానికి దానిలో ఎరుపు తక్కువ. పైగా మసక వెలుతురులో మన కన్నే ఎరుపుని తక్కువ చూస్తుంది, నీలాన్ని ఆకుపచ్చని ఎక్కువ చూస్తుంది. దీన్ని గమనించి చెప్పిన 19వ శతాబ్దపు చెక్ శాస్త్రవేత్త పేరు మీద పుర్కిన్యే ప్రభావం అంటారు. Redsలో Saturation −35, Lightness −15 ఇచ్చాను. Greensలో Saturation −30. కొబ్బరాకుల ఆకుపచ్చ పగటిదే ఉంటే ఎవరూ ఇదని చెప్పలేరు గాని, ఏదో తేడాగా ఉందంటారు.

ఆకాశం ఎలా? కొబ్బరాకుల అంచుల్లో తెల్లగీత వస్తోంది.

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. ఎక్కడినుంచో సాయంత్రపు ఆకాశం తెచ్చి అతికిస్తే తెల్లగీత తప్పదు. పగలు తీసిన ఆకు అంచులో తెల్ల ఆకాశం కొంచెం కలిసిపోయి ఉంటుంది. దాన్ని కత్తిరించి ముదురు ఆకాశం మీద పెడితే ఆ తెలుపు బయటపడుతుంది.

కత్తిరించకండి. ఆకాశం ఇప్పటికే తెల్లగా ఉంది కదా, దాని మీద రంగు Multiplyలో వేయండి. తెలుపు మీద Multiply చేస్తే వేసిన రంగే వస్తుంది. ముదురు ఆకు మీద చేస్తే ఆకు ఇంకా ముదురవుతుంది. ఆకు అంచులో కలిసిన తెలుపు కూడా దానంతటదే ఆకాశం రంగు తాగేస్తుంది. గీత ఎక్కడా రాదు.

మాస్క్ ఇలా చేశాను. Channels పానెల్‌లో Blue చానెల్‌ని కాపీ చేసి, Levelsతో ఆకాశం తెల్లగా, మిగతాది నల్లగా అయ్యేదాకా లాగాను. తెల్లగోడ కూడా తెల్లగానే మిగిలిపోయింది. ఇంటి అంచులు తిన్నగా ఉంటాయి కాబట్టి Polygonal Lassoతో గీసి లోపల నలుపు నింపాను. ఆకుల దగ్గర మాత్రం అంచు వెంబడి గీయకూడదు. Levels నల్లగా చేసిన ఆకుల మీద తెల్ల బ్రష్ రుద్ది, అక్కడ మాస్క్‌ని వదులుగా తెల్లగా చేసేయాలి. ఇదే మాస్క్‌ని తిరగేసి చీకటి గ్రూపుకి ఇచ్చాను. ఆకాశానికి చీకటి దుప్పటి అక్కర్లేదు, దాని సంగతి గ్రేడియంటే చూసుకుంటుంది.

Gradient Fill లేయర్‌లో మూడు రంగులు. అడుగున, వెనకింటి డాబా గోడ దగ్గర R 225, G 165, B 110. దానికి కాస్త పైన, ఫోటో ఎత్తులో నాలుగో వంతు దాటేలోపే R 150, G 160, B 185, అంటే రంగు తెలియని పలచని బూడిద. పైన R 70, G 100, B 160. మధ్యలో ఆ బూడిద రంగు లేకుండా నారింజ నుంచి నేరుగా నీలానికి వెళ్తే గ్రేడియంట్ మధ్య మురికిగా, కొన్నిసార్లు ఊదాగా తేలుతుంది. నారింజ పట్టీ సన్నగా ఉండాలి. పావుగంట దాటాక పడమర అంతా మంటలా ఉండదు. Dither టిక్కు పెట్టండి. చివర్లో మొత్తం మీద 1.5% నాయిస్ కూడా కలపండి, ఆకాశంలో మెట్లు కనపడవు.

ఇంకా ఒక ఇబ్బంది మిగిలింది. దుప్పటి ఆకుల మీద లేదు కాబట్టి ఆకులు కొంచెం పాలిపోయి ఉన్నాయి. ఆకాశం మాస్క్‌తోనే, గ్రేడియంట్ కింద ఒక Curves పెట్టాను. 90 ఉన్నది 15కి, 200 ఉన్నది 200కే. ఆకులు నల్లబడ్డాయి, ఆకాశం కదల్లేదు. పడమటి వెలుగుకి అడ్డంగా నిలబడ్డ కొబ్బరిచెట్టు అలాగే ఉండాలి.

చివరికి ఇంటి పైకప్పుని ఆనుకున్న ఆకాశాన్ని, పక్కనే ఉన్న గోడని పోల్చి చూడండి. ఆకాశం గోడ కంటే వెలుగుగా ఉండాలి. దీపం తగలని తెల్లగోడ ఆకాశం కంటే మెరుస్తుంటే మిగతా అంతా ఎంత బాగున్నా ఫోటో అబద్ధం చెప్తున్నట్టే ఉంటుంది.

కిటికీల్లో పసుపు రంగు పూశాను. స్టిక్కర్ అంటించినట్టుంది. ఎందుకు?

మూడు కారణాలుంటాయి. మొదటిది, కిటికీ అంతా ఒకే పసుపు. గదిలో దీపం పైకప్పుకో గోడ పైభాగానికో ఉంటుంది, కాబట్టి కిటికీ పైభాగం ఎక్కువ వెలుగు, కింద తక్కువ. నేను పైన R 255, G 225, B 165 పెట్టి కింద R 220, G 140, B 65 వరకు తీసుకెళ్ళాను. రెండోది, ఊచలు మర్చిపోవడం. మన కిటికీలకి గ్రిల్ ఉంటుంది. వెనక దీపం ఉంటే గ్రిల్ నల్లగా కనపడాలి. మాస్క్‌లో ఒక్కో ఊచని Shift పట్టుకుని రెండు చివర్లా క్లిక్ చేసి నల్లగీతలు గీశాను. ఆరు కిటికీలకి గంట పట్టింది. వీపు నొప్పి పుట్టింది, కానీ మొత్తం పనిలో ఇంత ఫలితం ఇచ్చిన గంట మరొకటి లేదు. ఆరింటిలో నాలుగే వెలిగించాను. అన్ని గదుల్లో దీపాలు పెళ్ళివారింట్లోనే వెలుగుతాయి.

మూడోది పెద్దది. దీపం కిటికీలోనే ఆగిపోయింది, బయటికి రాలేదు. కిటికీలో వెలుగుంటే సన్‌షేడ్ అడుగున, కిటికీ గట్టు మీద, కింద నేల మీద దాని జాడ ఉండాలి. ఇక్కడే దుప్పటికి చిల్లు పెట్టాలి. చీకటి గ్రూపు మాస్క్ మీద మెత్తటి బ్రష్, Flow 6%, నలుపు రంగు. సన్‌షేడ్ అడుగున నాలుగైదుసార్లు రుద్దండి. కిందనున్న పగటి గోడ, దాని సున్నం గరుకుతో సహా పైకి తేలుతుంది. పైన రంగు పూస్తే రాని నిజం ఇలా వస్తుంది, ఎందుకంటే అది ఆ గోడే.

అలా తేలిన వెలుగు ఇంకా పగటి తెలుపే. దాన్ని దీపం రంగు చేయాలి. ఇంకో Solid Color, R 255, G 185, B 110, Multiply. దీని మాస్క్ కోసం చీకటి గ్రూపు మాస్క్‌ని కాపీ చేసి తిరగేయండి, ఆకాశం వైపు మాత్రం నలుపు నింపేయండి. చిల్లు ఎంత ఉంటే వేడి రంగు అంతే పడుతుంది.

వెలుగు ఎంత దూరం పాకాలి?

మీరనుకున్నంత దూరం పాకదు. చిన్న దీపం వెలుగు రెట్టింపు దూరంలో నాలుగో వంతవుతుంది. తెర మీది అంకెలు వెలుగుతో సమానంగా నడవవు కాబట్టి, మీటరు దూరంలో 200 ఉన్న గోడ రెండు మీటర్లకి 105 దగ్గరికి వస్తుంది. దానికి ఆకాశపు నీలి వెలుగు కలిస్తే ఇంకొంచెం ఎక్కువ. వరండా పైకప్పు దీపం వెలుగు మెట్లు దిగి గేటు వరకు అదే జోరుతో వచ్చిందంటే అది ఫ్లడ్‌లైట్.

వరండా దగ్గర నేను మొదట ఒక తప్పు చేశాను. నాలుగు స్తంభాల ముందువైపుని కూడా వెలిగించాను, కంటికి ఇంపుగా అనిపించి. దీపం ఉన్నది స్తంభాల వెనక. వెలగాల్సింది లోపలి గోడ, తలుపు, నేల. స్తంభాలు మన వైపు నీలి చీకటిలో ఉండాలి, వాటి పక్క అంచులకి మాత్రం సన్నగా పసుపు తగలాలి. మబ్బు రోజు ఫోటోలో నీడలుండవు కాబట్టి, చిల్లులోంచి తేలిన పగటి వెలుగుకీ నీడలుండవు. స్తంభం నీడ మెట్ల మీద మీరే వేయాలి: ఆ చోట మాస్క్‌లో మళ్ళీ తెలుపు రుద్దితే దుప్పటి వెనక్కి వస్తుంది, అదే నీడ. నీడలు దీపం నుంచి బయటికి విచ్చుకుంటూ పోవాలి, సమాంతరంగా కాదు.

దీపం చుట్టూ పొగలాంటి కాంతి కావాలంటే బ్లర్ చేసిన వేడి రంగుని Screenలో 10–15% చాలు. పదేళ్ళ కిందటి శుభలేఖల్లోలా ప్రతి బల్బు చుట్టూ సూర్యబింబం పెట్టకండి.

వీధి దీపం వెలిగించాలా? ఏ రంగు?

ఫోటోలో స్తంభం ఉంటే వెలిగించండి, ఆ వేళకి ఆరిపోయి ఉంటే అదే తేడాగా ఉంటుంది. రంగు మాత్రం నారింజ పెట్టకండి. అది సోడియం దీపాల కాలం నాటిది. ఇప్పుడు ఎక్కువ ఊళ్ళలో తెల్ల ఎల్‌ఈడీలే. ఇంట్లో పసుపు, వీధిలో తెలుపు, పైన నీలం అని మూడు రకాలు ఉంటేనే మన వీధిలా ఉంటుంది.

నీళ్ళున్న చోట ఏం చేయాలి?

గుంటలోని నీళ్ళు పగటి తెల్ల ఆకాశాన్నే చూపిస్తుంటాయి. దుప్పటి వేశాక అవి బూడిదరంగు మచ్చలవుతాయి. నీళ్ళలో కనపడేది ఆకాశం కాబట్టి, ఆ గుంట వరకు చీకటి గ్రూపు తీసేసి, ఆకాశపు గ్రేడియంట్‌నే తలకిందులుగా Multiplyలో వేయండి, ఆకాశం కంటే కొంచెం ముదురుగా. కిటికీ ప్రతిబింబం సరిగ్గా ఆ కిటికీ కింద నిలువునా పడాలి, పక్కకి జరగకూడదు. తడి రోడ్డు మీద అద్దంలా కాకుండా నిలువుగా సాగిన పసుపు చారలా ఉంటే చాలు.

ఫోటోలో మనుషులుంటే?

వీలైతే లేనిది తీసుకోండి. నీలి దుప్పటి కింద చర్మం జబ్బుమనిషిలా కనపడుతుంది, చిల్లు పెట్టి వేడి చేస్తే ఆ దీపం ఎక్కడుందని అడుగుతారు. తప్పదంటే వరండా దీపం దగ్గరున్నవాళ్ళని ఉంచండి, గేటు దగ్గరున్నవాళ్ళని దూరపు ఆకారాలుగా చీకటిలోనే వదిలేయండి.

Color Lookupలో NightFromDay.CUBE అని ఉంది కదా, ఒక్క క్లిక్కుతో అవదా?

నొక్కి చూడండి, మొత్తం ఫోటోని ఒకేలా నీలంగా, చీకటిగా చేస్తుంది. దానికి ఆకాశమేదో గోడేదో తెలియదు. మబ్బు ఆకాశం ఉతికిన నీలం గుడ్డలా తయారవుతుంది. రంగు ఎటు వెళ్ళాలో ఊహించుకోవడానికి మొదట ఒకసారి చూడొచ్చు.

ఫోటోషాప్ లేకపోతే?

బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీలో Curves, Solid Color, Multiply, గ్రూపు మాస్క్ అన్నీ ఉన్నాయి, ఇదే వరస పనిచేస్తుంది. గింప్ అయితే 2025 మార్చిలో వచ్చిన 3.0 నుంచి ఫిల్టర్లని లేయర్‌ని పాడుచేయకుండా పెట్టి, తర్వాత మార్చుకోవచ్చు. అంతకు ముందు వెర్షన్ అయితే ఒక సులువు మార్గం ఉంది: పగటి ఫోటో ఒక లేయర్, చీకటి చేసిన కాపీ దాని పైన ఇంకో లేయర్, చిల్లులన్నీ ఆ పై లేయర్ మాస్క్‌లో.

తెర మీద బాగుంది, అచ్చులో నల్లగా వచ్చింది. ఏం చేయాలి?

నాకూ అదే అయింది. ప్రూఫ్ చేతికొచ్చేసరికి నాలుగు స్తంభాలు ఒక నల్ల ముద్ద, పై ఆకాశం నీలం పోయి ఊదా. తప్పు ప్రెస్సువాళ్ళది కాదు, నాదే. రాత్రి గదిలో లైటు ఆర్పి, మానిటర్ వెలుగు పూర్తిగా పెంచుకుని పనిచేశాను. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు. 15–25 మధ్యనున్న నీడలన్నీ సిరాలో కలిసిపోయాయి. చిక్కటి నీలం నాలుగు రంగుల సిరాలో దొరకదు, ఊదా వైపు జారుతుంది.

అచ్చు కోసం విడిగా అన్నిటికంటే పైన ఒక Curves పెట్టి 20 ఉన్నదాన్ని 36కి లేపాను. ప్రెస్సు ఇచ్చిన ప్రొఫైల్‌తో View > Proof Colors వేసుకుని, ఆకాశం పైరంగులో ఎరుపు తగ్గించి R 55, G 105, B 150 చేశాను. ఫోన్లో పంపే కాపీకి ఈ రెండూ అక్కర్లేదు.

నమ్మేలా ఉందో లేదో నాకు నేనే ఎలా చూసుకోవాలి?

అన్నిటికంటే పైన ఒక Black & White లేయర్ పెట్టండి. రంగు పోయాక కూడా సాయంత్రంలా ఉంటేనే వెలుగు సరిగ్గా ఉన్నట్టు. చాలామంది ఫోటోలు ఇక్కడే దొరికిపోతాయి. రంగు తీసేస్తే అది మబ్బు రోజు ఫోటోనే. అప్పుడు మళ్ళీ గోడ, ఆకాశం పోల్చుకోండి. దీపాలు అన్నిటికంటే వెలుగు, తర్వాత దిగువ ఆకాశం, తర్వాత తెల్లగోడ, తర్వాత నేల, చివర చెట్లు. ఈ వరస తప్పిన చోటే తప్పు ఉంటుంది. ఫోటోని బొటనవేలి గోరంత చేసి కూడా చూడండి. అంత చిన్నగా ఉన్నప్పుడు కిటికీలు కనపడకపోతే దీపాలు చాలలేదు, కిటికీలు తప్ప ఇంకేమీ కనపడకపోతే దుప్పటి ఎక్కువైంది.

అంతా అయ్యాక మార్పులు అడిగితే?

అడుగుతారు. అందుకే ఒక్కో కిటికీ మెరుపుని ఒక్కో గ్రూపుగా, పేరు పెట్టి ఉంచండి: వంటగది, హాలు, పైగది. గోడల మీది వెలుగు చిల్లులు మాత్రం ఒకే మాస్క్‌లో ఉంటాయి కాబట్టి, ఒక దీపం పూర్తిగా ఆర్పాలంటే కిటికీ గ్రూపు కన్ను మూసి, మాస్క్‌లో ఆ చోట తెలుపు రుద్దాలి, వేడి రంగు మాస్క్‌లో అదే చోట నలుపు. రెండు నిమిషాలు. అన్నయ్య పైగది దీపం ఆర్పమన్నాడు, అక్కడ ఇంకా ఎవరూ ఉండరట. వదిన పూజగది కిటికీ చూసి, అక్కడ బల్బు కాదు, దీపారాధన వెలుగులా ఉండాలంది. పైనున్న వెలుగుని కిందికి దించి, రంగు R 255, G 160, B 60 చేశాను. దీపం కుంది నేల మీదే ఉంటుంది కదా.